మూడు పని రోజులు: కార్డు డబ్బు పోయినప్పుడు గడియారం ఎక్కడ మొదలవుతుంది?

మాది అరకు దగ్గర డుంబ్రిగుడ మండలం. మా వైపు వాళ్లకి బ్యాంకు గురించి ఏదైనా సందేహం వస్తే, ఊళ్లో ఇంజనీరింగ్ చదువుతున్నవాళ్ల దగ్గరికి వస్తారు. మనకి బ్యాంకింగ్ తెలుసని కాదు, ఇంగ్లీషు మెసేజ్ చదవగలమని. అలా సెలవులకి వెళ్లినప్పుడల్లా నాకు ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: "నేను తీయకుండానే నా ఖాతాలో డబ్బు పోయింది బాబూ, తిరిగి వస్తుందా?"

జవాబు ఒక్క మాటలో రాదు. వస్తుందా రాదా అన్నది చాలాసార్లు దొంగ ఎవరన్నదాని మీద కాక, మనం బ్యాంకుకి ఏ రోజు చెప్పామన్నదాని మీద తేలుతుంది. ఆ రోజుల్ని ఎలా లెక్కపెట్టాలో చాలామందికి తెలియదు. కొన్నిసార్లు కౌంటర్‌లో కూర్చున్నవాళ్లు కూడా తప్పుగా లెక్కపెడతారు. ఈ వ్యాసమంతా ఆ లెక్క గురించే.

నియమం ఏం చెబుతుంది

2017 జులై 6న రిజర్వు బ్యాంకు ఒక సర్క్యులర్ ఇచ్చింది. ఖాతాదారు అనుమతి లేకుండా ఎలక్ట్రానిక్ లావాదేవీ జరిగితే ఆ నష్టంలో ఎవరి వాటా ఎంత అన్నది అందులో ఉంది. గ్రామీణ బ్యాంకులతో సహా షెడ్యూల్డు వాణిజ్య బ్యాంకులన్నిటికీ వర్తించేలా అది వచ్చింది. ఈ వ్యాసంలోని అంకెలు ఆ సర్క్యులర్‌లోవే. నిబంధనలు అప్పుడప్పుడూ మారుతుంటాయి కాబట్టి, మీకు అవసరం పడిన రోజున మీ బ్యాంకు వెబ్‌సైట్‌లో ఖాతాదారుల రక్షణ పాలసీ ఒకసారి తెరిచి చూసుకోండి.

సర్క్యులర్ ముందుగా అడిగేది తప్పు ఎవరిదని. దానికి మూడు జవాబులున్నాయి.

తప్పు బ్యాంకుదైతే, అంటే వాళ్ల సిబ్బంది మోసమో వాళ్ల వ్యవస్థలో లోపమో ఉంటే, మనం చెప్పినా చెప్పకపోయినా మన నష్టం సున్నా.

తప్పు మనదైతే, అంటే పిన్నో ఓటీపీయో ఇంకొకరికి ఇచ్చేస్తే, బ్యాంకుకి చెప్పిన క్షణం వరకూ పోయినదంతా మనదే. చెప్పిన తర్వాత పోయేది మాత్రం బ్యాంకుది. అందుకే ఓటీపీ చెప్పేశాం, ఇంకేం లాభం అని ఊరుకోకూడదు. ఇంటి తలుపు తీసి ఉందని తెలిశాక కనీసం గడియ పెట్టాలి కదా.

మూడో జవాబు ఈ వ్యాసానికి అసలైనది. తప్పు బ్యాంకుదీ కాదు, మనదీ కాదు, మధ్యలో ఎక్కడో జరిగింది. ఏటీఎంలో కార్డు పెట్టే చోట ఎవడో చిన్న పరికరం బిగించి కార్డు వివరాలు కాపీ చేశాడు, పిన్ మీద కెమెరా పెట్టాడు, నకిలీ కార్డు తయారుచేశాడు. ఇలాంటి సందర్భంలో రోజుల లెక్క మొదలవుతుంది. బ్యాంకు నుంచి సమాచారం అందాక మూడు పని రోజుల్లోపు చెబితే మన నష్టం సున్నా. నాలుగు నుంచి ఏడు పని రోజుల మధ్య చెబితే ఒక పరిమితి వరకూ మనం భరించాలి. ఏడు దాటితే ఆ బ్యాంకు బోర్డు పెట్టుకున్న పాలసీ ఏం చెబితే అది.

లెక్కపెట్టే పద్ధతి కూడా సర్క్యులర్‌లోనే ఉంది. సమాచారం అందిన రోజును వదిలేయాలి. ఆ మర్నాటి నుంచి, మన హోమ్ బ్రాంచ్ పనిచేసే రోజులే లెక్కించాలి. హోమ్ బ్రాంచ్ అంటే ఖాతా ఉన్న బ్రాంచ్, మనం ఉన్న ఊరి బ్రాంచ్ కాదు. మీరు హైదరాబాద్ హాస్టల్లో ఉండి అరకు బ్రాంచ్ ఖాతా వాడుతుంటే, తెలంగాణకి మాత్రమే ఉన్న సెలవుకి అక్కడ బ్యాంకులు మూసినా మీ లెక్కలో ఆ రోజు సెలవు కాదు. అరకులో ఆ రోజు బ్రాంచ్ తెరిచే ఉంటుంది.

ఒక కేసు కట్టి చూద్దాం

లెక్క అర్థం కావడానికి ఒక కేసు తయారుచేశాను. మనిషి కల్పితం. తేదీలు మాత్రం అసలు కేలెండర్‌లోవి, కావాలంటే సరిచూసుకోండి.

అరకు పైన కొండల్లో ఒక కాఫీ రైతు. పంట డబ్బు ఖాతాలో పడింది. ఖాతా అరకులోని ఒక బ్రాంచ్‌లో ఉంది. డిసెంబరులో ఆయన పని మీద విశాఖపట్నం వెళ్లి అక్కడ ఒక ఏటీఎంలో డబ్బు తీసుకున్నాడు. కార్డు కాపీ అయింది అక్కడే. 2024 జనవరి 27, శనివారం రాత్రి 11:40కి వేరే రాష్ట్రంలోని ఒక ఏటీఎం నుంచి మూడుసార్లు, ఒక్కోసారి రూ.9,500 చొప్పున మొత్తం రూ.28,500 పోయింది. ఆ సమయానికి రైతు ఇంట్లో నిద్రపోతున్నాడు, కార్డు ఇనప్పెట్టెలో ఉంది.

బ్యాంకు సర్వర్ వెంటనే మెసేజ్ పంపింది. కానీ వాళ్ల ఊళ్లో సిగ్నల్ లేదు. సోమవారం, అంటే 29న ఉదయం ఆయన అరకు దిగినప్పుడు, 11 గంటలకి ఫోన్ మోగి మూడు మెసేజ్‌లూ ఒకేసారి వచ్చాయి. ఆయనకి ఇంగ్లీషు చదవడం రాదు, కంపెనీ మెసేజ్‌లే అనుకున్నాడు. బుధవారం రాత్రి కొడుకు ఇంటికొచ్చి ఫోన్ చూశాడు. గురువారం, ఫిబ్రవరి 1 ఉదయం సిగ్నల్ అందే మలుపు దాకా నడిచి వెళ్లి బ్యాంకుకి ఫోన్ చేశాడు.

ఇప్పుడు లెక్కపెట్టండి.

బ్యాంకు తన వైపు నుంచి ఇలా లెక్కపెట్టొచ్చు: మెసేజ్ పంపింది శనివారం 27న. ఆ రోజు వదిలేయాలి. 28 ఆదివారం. 29 సోమవారం ఒకటి, 30 మంగళవారం రెండు, 31 బుధవారం మూడు. ఫిబ్రవరి 1 నాలుగో రోజు. కాబట్టి ఆలస్యమైంది.

రైతు వైపు లెక్క ఇది: మెసేజ్ అందింది సోమవారం 29న. ఆ రోజు వదిలేయాలి. 30 ఒకటి, 31 రెండు, ఫిబ్రవరి 1 మూడు. గడువు లోపలే ఉంది.

సర్క్యులర్‌లో ఉన్న మాట "అందిన తర్వాత" అని. "పంపిన తర్వాత" అని లేదు. కాబట్టి రెండో లెక్కే సరైనది. తేడా ఒక్క రోజే. ఆ ఒక్క రోజు విలువ ఎంతో ఇప్పుడు చూద్దాం.

సెలవులు ఈ గడువుని ఎలా సాగదీస్తాయో కూడా ఇక్కడే గమనించండి. ఆ వారం 26 శుక్రవారం గణతంత్ర దినోత్సవం, 27 నాలుగో శనివారం, 28 ఆదివారం. మెసేజ్ గురువారం 25న అందిన మనిషికి కూడా మూడో పని రోజు 31వ తేదీయే. కానీ ఫిర్యాదు లైన్లు రాత్రీపగలూ తెరిచే ఉంటాయి, ఉండాలని ఆ సర్క్యులరే చెబుతోంది. సెలవు మనకి గడువు పెంచుతుంది, దొంగకి కూడా అంతే సమయం ఇస్తుంది. అందుకని ఆగకండి.

నాలుగో రోజుకి ఎంత పోతుంది

నాలుగు నుంచి ఏడు రోజుల మధ్య మనం భరించాల్సిన పరిమితి ఖాతాని బట్టి ఉంటుంది. జన్ ధన్ లాంటి బేసిక్ సేవింగ్స్ ఖాతాకి రూ.5,000. మామూలు సేవింగ్స్ ఖాతాకి రూ.10,000. క్రెడిట్ కార్డు లిమిట్ ఐదు లక్షల లోపుంటే అదే రూ.10,000, దాటితే రూ.25,000.

ఇది చదివి చాలామంది "పోతే పదివేలు పోతుంది, మిగతాది వచ్చేస్తుంది" అనుకుంటారు. అక్కడే చిక్కుంది. ఆ పరిమితి ఒక్కో లావాదేవీకి. లావాదేవీ విలువా, ఆ పరిమితీ, ఈ రెండిట్లో ఏది తక్కువైతే అది మన వాటా.

మన రైతుది మామూలు సేవింగ్స్ ఖాతా అనుకుందాం. ఒక్కో లావాదేవీ రూ.9,500. అది పదివేల కంటే తక్కువ. కాబట్టి మొదటిదానిలో రూ.9,500 మనదే, రెండోదానిలో రూ.9,500 మనదే, మూడోదానిలోనూ అంతే. మొత్తం రూ.28,500 ఆయనే భరించాలి. బ్యాంకు ఇచ్చేది సున్నా. అదే జన్ ధన్ ఖాతా అయితే ఒక్కోదానికి రూ.5,000 చొప్పున రూ.15,000 ఆయన భరిస్తాడు, రూ.13,500 తిరిగి వస్తుంది. అదే దొంగ ఒకేసారి రూ.28,500 తీసి ఉంటే మామూలు ఖాతాకి కూడా రూ.18,500 వెనక్కి వచ్చేది.

అంటే మూడో రోజు చెబితే రూ.28,500 మొత్తం వస్తుంది, నాలుగో రోజు చెబితే ఒక్క రూపాయి రాకపోవచ్చు. చిన్న చిన్న మొత్తాలుగా పోయినప్పుడు ఆలస్యం మరింత ఖరీదైనది. అందుకే మెసేజ్ ఎప్పుడు అందిందన్నది మాటల వాదన కాదు, ఆయన పంట డబ్బు.

అందిన సమయాన్ని ఎలా నిరూపించాలి

ఇక్కడ మన చదువు పనికొస్తుంది. ఎస్సెమ్మెస్ నేరుగా బ్యాంకు నుంచి ఫోన్‌కి రాదు. మధ్యలో మెసేజ్ సెంటర్ ఉంటుంది. ఫోన్ దొరక్కపోతే అది మెసేజ్‌ని తన దగ్గర దాచుకుని, ఫోన్ నెట్‌వర్క్‌లోకి వచ్చాక అందిస్తుంది. అందించాక, పంపినవాళ్లకి ఒక రసీదు వెళుతుంది. బల్క్ ఎస్సెమ్మెస్‌లో ఎక్కువగా కనిపించే రూపం ఇలా ఉంటుంది:

```
submit date:2401272340 done date:2401291104 stat:DELIVRD
```

మొదటి అంకె 2024 జనవరి 27, 23:40. రెండోది జనవరి 29, 11:04. మొదటిది పంపిన సమయం, రెండోది అందిన సమయం. చివర `DELIVRD` బదులు `EXPIRED` అని ఉంటే, మెసేజ్ దాచుకునే గడువు అయిపోయి అది ఫోన్‌కి చేరనే లేదని అర్థం.

మెసేజ్ అందిన తేదీ, సమయం, దానికి ఖాతాదారు జవాబిచ్చిన తేదీ, సమయం తమ వ్యవస్థలో నమోదు చేయాలని బ్యాంకులకి ఆ సర్క్యులర్ చెప్పింది. ఖాతాదారు బాధ్యత ఎంతో తేల్చడానికి అది ముఖ్యమని కూడా రాసింది. కాబట్టి ఫిర్యాదులో "ఎస్సెమ్మెస్ డెలివరీ రికార్డు చూపండి" అని అడగడం మన గొంతెమ్మ కోరిక కాదు. వాళ్ల దగ్గర ఉండాల్సిన కాగితాన్నే అడుగుతున్నాం.

మన వైపు నుంచి కూడా ఆధారం పెట్టుకోవాలి. చాలా స్మార్ట్‌ఫోన్లలో మెసేజ్‌ని నొక్కి పట్టుకుని వివరాలు తెరిస్తే పంపిన సమయం, అందిన సమయం వేరువేరుగా కనిపిస్తాయి. దాన్ని స్క్రీన్‌షాట్ తీయండి. కీప్యాడ్ ఫోన్ అయితే మెసేజ్ చెరిపేయకుండా, తెరిచిన మెసేజ్‌ని ఇంకో ఫోన్‌తో ఫొటో తీయండి.

మెసేజ్ వచ్చింది కానీ చదవలేదు అన్నది వేరే సమస్య. కేరళ హైకోర్టు 2019 జనవరిలో ఇలాంటి కేసు ఒకటి విన్నది. విదేశంలోని ఏటీఎంల నుంచి తన ఖాతా డబ్బు పోయిందని ఒకాయన దావా వేశాడు. ఎస్సెమ్మెస్‌లు పంపాం, ఆయన స్పందించలేదు కాబట్టి బాధ్యత ఆయనదే అని స్టేట్ బ్యాంక్ వాదించింది. కోర్టు ఒప్పుకోలేదు. ఎస్సెమ్మెస్ చూసే అలవాటు లేని ఖాతాదారులు కూడా ఉంటారని, స్పందించనంత మాత్రాన బాధ్యత వాళ్ల మీద పడదని చెప్పింది. చదవడం రాని మన ఊరి పెద్దలకి ఈ తీర్పు అండగా ఉంటుంది. కానీ తీర్పు దాకా వెళ్లాలంటే ఏళ్లు పడుతుంది. మూడు రోజుల్లో ఫోన్ చేస్తే ఆ వాదనే అక్కర్లేదు.

ఏ పని ముందు, ఏది తర్వాత

మొదటిది, కార్డు ఆపించడం. నంబర్ కార్డు వెనకాల ఉంటుంది. కార్డుతో పాటు పర్సు కూడా పోతే నంబర్ ఉండదు కాబట్టి పాస్‌బుక్ అట్ట లోపల ఒకసారి రాసి పెట్టండి. మా కొండల్లో డేటా రాని చోట కూడా కాల్ కలిసే మలుపులుంటాయి, కాబట్టి యాప్ తెరుచుకునే దాకా ఎదురుచూడక్కర్లేదు.

రెండోది, అదే కాల్‌లో ఫిర్యాదు నమోదు చేయించడం. ఎక్కువమంది జారిపోయేది ఇక్కడే. కార్డు ఆపించడం వేరు, "ఈ లావాదేవీలు నేను చేయలేదు" అని ఫిర్యాదు రాయించడం వేరు. కార్డు ఆపిస్తే దానికొక నంబర్ ఇస్తారు. మనం పని అయిపోయిందనుకుని ఫోన్ పెట్టేస్తాం. రెండు వారాల తర్వాత బ్రాంచ్‌కి వెళితే "మీరు కార్డు మాత్రమే బ్లాక్ చేయించారు, ఫిర్యాదు ఏదీ లేదే" అంటారు. కాబట్టి ఫోన్ పెట్టేముందు ఇలా అడగండి: "కార్డు బ్లాక్ నంబర్ కాదండీ, అనధికార లావాదేవీ ఫిర్యాదు నంబర్ చెప్పండి. మూడు లావాదేవీలూ అందులో ఉన్నాయా?" ఫిర్యాదు అందగానే నంబర్‌తో సహా జవాబు పంపడం బ్యాంకు బాధ్యత. ఆ నంబర్, తేదీ, టైము రాసుకోండి. మన మూడు రోజుల గడియారాన్ని ఆపేది ఆ నంబరే.

మూడోది, 1930కి కాల్ చేయడం, లేదా cybercrime.gov.in లో నమోదు చేయడం. డబ్బు ఇంకో ఖాతాలోకి వెళ్లి ఉంటే దాన్ని మధ్యలో ఆపడానికి ఇది పనికొస్తుంది, అందులో గంటలే ముఖ్యం. ఏటీఎం నుంచి నోట్లుగా తీసేస్తే ఆపడానికి ఏమీ ఉండదు, అయినా పోలీసు రికార్డు ఉంటుంది. ఒకటి గుర్తుంచుకోండి: 1930కి చెప్పడం బ్యాంకుకి చెప్పినట్టు కాదు. ఒకటి చేసి రెండోది మానేయకండి.

నాలుగోది, హోమ్ బ్రాంచ్‌లో కాగితం ఇవ్వడం. ఫోన్ ఫిర్యాదుతోనే గడువు నిలిచిపోతుంది కాబట్టి, కాగితం కోసం ఆ రోజే బస్సు పట్టుకోవాల్సిన పని లేదు. కానీ ఇవ్వాలి. రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. మన రైతు కాగితం ఇలా ఉండొచ్చు:

"అయ్యా, నా ఖాతా నుంచి 27-1-2024 రాత్రి 11:40 ప్రాంతంలో రూ.9,500 చొప్పున మూడు ఏటీఎం లావాదేవీలు జరిగాయి. అవి నేను చేసినవి కావు, నా అనుమతితో జరిగినవీ కావు. ఆ సమయంలో నేను మా ఊళ్లో ఉన్నాను, కార్డు నా దగ్గరే ఉంది. పిన్ ఎవరికీ చెప్పలేదు. మీ ఎస్సెమ్మెస్‌లు నాకు 29-1-2024 ఉదయం 11 గంటలకి అందాయి. 1-2-2024న, అంటే మూడో పని రోజున, ఫోన్‌లో ఫిర్యాదు చేశాను, నంబర్ ఫలానా. ఆర్‌బీఐ 6-7-2017 సర్క్యులర్ ప్రకారం పది పని రోజుల్లో మొత్తం సొమ్ము నా ఖాతాలో జమ చేయగలరు. ఎస్సెమ్మెస్ డెలివరీ రికార్డు, ఆ ఏటీఎం లాగ్, సీసీటీవీ దృశ్యాలు భద్రపరచి పరిశీలించగలరు."

ఆఖరి వాక్యం ఎందుకంటే, సీసీటీవీ రికార్డింగులు కొన్నాళ్లకి వాటంతట అవే చెరిగిపోతాయి. ముందే రాసి అడిగితే, తర్వాత "ఇప్పుడు లేవు" అనడం వాళ్లకే ఇబ్బంది.

"పిన్ సరిగ్గానే కొట్టారు కదా"

ఇక బ్యాంకు నుంచి మామూలుగా వచ్చే జవాబు ఇది: లావాదేవీ సరైన కార్డుతో, సరైన పిన్‌తో జరిగింది, కాబట్టి పిన్ మీరే ఎవరికో చెప్పి ఉంటారు.

దీనికి సర్క్యులర్‌లో సూటిగా ఒక వాక్యముంది. ఖాతాదారు తప్పు ఉందని నిరూపించే భారం బ్యాంకుది. పిన్ సరిపోయిందంటే, పిన్ తెలిసినవాడెవడో కొట్టాడని మాత్రమే తేలుతుంది. అది ఎలా తెలిసిందో తేలదు. అప్పుడు మనం అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఆ ఏటీఎం కార్డుని చిప్ ద్వారా చదివిందా, వెనకనున్న నల్ల గీత ద్వారా చదివిందా? నల్ల గీతని కాపీ చేయడం తేలిక, చిప్‌ని కాపీ చేయడం చాలా కష్టం. కార్డు చదివిన విధానం లావాదేవీ రికార్డులో ఉంటుంది. చిప్ ఉన్న కార్డుని నల్ల గీతతో చదివి ఉంటే, అది నకిలీ కార్డు అనడానికి అదే పెద్ద ఆధారం.

మా వైపు దీనికి ఒక అడ్డంకి ఉంది, దాన్ని దాచి లాభం లేదు. మా ఊళ్లలో పెద్దవాళ్లు కార్డూ పిన్నూ కలిపి ఎవరో ఒకరి చేతికిస్తారు: మనవడికి, పక్కింటి కుర్రాడికి, ఒక్కోసారి ఏటీఎం దగ్గర నిలబడ్డ ముక్కూమొహం తెలియని మనిషికి. మన దృష్టిలో అది సాయం. నియమం దృష్టిలో అది పిన్ పంచుకోవడం. అప్పుడు కేసు మూడో జవాబు నుంచి రెండో జవాబులోకి జారిపోతుంది, సున్నా నష్టం కాస్తా మొత్తం నష్టం అవుతుంది. "పిన్ ఎవరికీ చెప్పలేదు" అని ఆ కాగితంలో నిజాయితీగా రాయగలగాలి. అందుకే మీ తాతగారితో ఏటీఎంకి వెళితే కార్డు మీరు పెట్టినా, అంకెలు మాత్రం ఆయన చేత్తోనే నొక్కించండి.

మోసగాడి మాట నమ్మిన ప్రతి కేసూ ఖాతాదారు తప్పుగానే తేలుతుందనీ లేదు. ఆన్‌లైన్‌లో కొన్న బట్టలు వెనక్కి ఇవ్వబోయి, కస్టమర్ కేర్ పేరుతో వచ్చిన కాల్ వల్ల సుమారు 94 వేలు పోగొట్టుకున్న ఒక ఖాతాదారు కేసులో, గౌహతి హైకోర్టు స్టేట్ బ్యాంక్‌నే డబ్బు తిరిగి ఇవ్వమంది. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పులో జోక్యం చేసుకోలేదు. ఆ ఖాతాదారు 24 గంటల్లోపే బ్యాంకుకి చెప్పాడన్నది కోర్టులు గమనించిన విషయాల్లో ఒకటి. మళ్లీ అదే గడియారం.

ఫిర్యాదు తర్వాతి మూడు తేదీలు

ఫిర్యాదు ఇచ్చాక గడియారం బ్యాంకు వైపు తిరుగుతుంది. మన రైతు ఫిర్యాదు ఫిబ్రవరి 1న. అక్కడి నుంచి మూడు తేదీలు కేలెండర్ మీద గుర్తు పెట్టుకోవాలి.

ఫిబ్రవరి 14: పదో పని రోజు. మధ్యలో రెండు ఆదివారాలు, 10వ తేదీ రెండో శనివారం వదిలేశాం. ఈలోపు బ్యాంకు ఆ సొమ్మును ఖాతాలో జమ చేయాలి. దీన్ని షాడో రివర్సల్ అంటారు. విచారణ పూర్తి కాలేదు, బీమా డబ్బు రాలేదు అని ఆపకూడదు. పది రోజుల నిబంధనలో ఎఫ్ఐఆర్ షరతు కూడా కనిపించదు. జమ తేదీ కూడా ముఖ్యం: డబ్బు పోయిన రోజు నుంచే, అంటే జనవరి 27 నుంచే లెక్కలోకి రావాలి. అప్పుడు వడ్డీ నష్టం ఉండదు. కొన్ని బ్యాంకులు కేసు తేలేదాకా ఆ సొమ్మును తీసుకోనివ్వవు. కాబట్టి బ్యాలెన్స్‌లో అంకె కనబడగానే ఖర్చు లెక్క వేసుకోకండి.

మార్చి 2: ముప్పై రోజులు. ఈలోపు బ్యాంకు జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు. cms.rbi.org.in లో రాయొచ్చు, ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. నెట్ అందని వాళ్లు కాగితం మీద రాసి చండీగఢ్‌లోని ఆర్‌బీఐ కేంద్రానికి పోస్టులో పంపొచ్చు. ముద్ర వేయించుకున్న ప్రతి, ఫిర్యాదు నంబర్, మెసేజ్ స్క్రీన్‌షాట్ జతచేయాలి. ముందు బ్యాంకుకి ఫిర్యాదు చేయకుండా నేరుగా ఇక్కడికి వస్తే తిప్పి పంపేస్తారు.

మే 1: తొంభై రోజులు. ఈలోపు బ్యాంకు కేసు తేల్చి, ఖాతాదారు బాధ్యత ఉంటే ఎంతో చెప్పాలి. తేల్చలేకపోతే పైన చెప్పిన లెక్క ప్రకారం డబ్బు ఇచ్చేయాలి. "ఇంకా విచారణలో ఉంది" అన్నది ఆ తర్వాత జవాబు కాదు.

చివరగా ఒక తేడా. ఏటీఎంలో మనమే కార్డు పెట్టి, నోట్లు రాకుండా ఖాతాలో తగ్గితే అది అనధికార లావాదేవీ కాదు, విఫలమైన లావాదేవీ. దానికి వేరే నియమం: లావాదేవీ జరిగిన రోజు తర్వాత ఐదు రోజుల్లో బ్యాంకు తనంతట తనే వెనక్కి వేయాలి, ఆలస్యమైతే రోజుకి రూ.100 చెల్లించాలి. ఫోన్‌లో ఫిర్యాదు చేసేటప్పుడు ఏది చెబుతున్నామో స్పష్టంగా చెప్పకపోతే, ఒకదానికి బదులు ఇంకోటి రాసేస్తారు.

ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు ఇంట్లో ప్రతి కార్డుకీ మూడు విషయాలు చూడండి. బ్యాంకులో ఉన్న మొబైల్ నంబర్ ఇప్పటికీ వాడుతున్నదేనా? ఆ ఫోన్‌కి వచ్చే బ్యాంకు మెసేజ్‌లు వారంలో రెండుసార్లైనా చదివే మనిషి ఎవరు? పాస్‌బుక్ అట్ట లోపల బ్లాక్ చేసే నంబర్ రాసి ఉందా? మూడు పని రోజుల గడువు మెసేజ్ అందినప్పుడు మొదలవుతుంది. దాన్ని చదివే మనిషి ఇంట్లో లేకపోతే, గడియారం మాత్రం తిరుగుతూనే ఉంటుంది.